“ఇది నిజమేనా?” అంటూ వచ్చిన స్క్రీన్‌షాట్‌ను ఎలా చదవాలి

ఇంట్లో ఫోన్ల గురించి కాస్త తెలిసినవాళ్లు ఒక్కరున్నా చాలు, బంధువుల స్క్రీన్‌షాట్లన్నీ వాళ్లకే వస్తాయి. అకౌంట్ బ్లాక్ అవుతుందని బ్యాంకు పంపిందట, పార్శిల్ ఎక్కడో ఆగిపోయిందట, ఇంట్లో కూర్చుని రోజుకు మూడు వేలు సంపాదించే ఉద్యోగమట. కింద ఒకటే ప్రశ్న: “ఇది నిజమేనా?” ఆ ప్రశ్నకు ఊహించి కాకుండా, బొమ్మలో ఉన్నదాన్ని వరుసగా చూసుకుంటూ జవాబు ఎలా చెప్పాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. స్క్రీన్‌షాట్ చూసి “ఇది మోసం” అని గట్టిగా చెప్పవచ్చు. కానీ “ఇది నిజం” అని మాత్రం ఎంత బాగా చూసినా చెప్పలేం. పంపినవారి పేరు, లోగో, భాష అన్నీ సరిగ్గానే ఉండి కూడా మెసేజ్ దొంగది కావచ్చు. అందుకే మన జవాబు రెండు రకాలుగానే ఉండాలి: “మోసమే, ముట్టుకోకు” లేదా “ఇందులో నాకేమీ కనిపించలేదు, కానీ ఈ లింక్ వదిలేసి బ్యాంకు యాప్‌లో చూడు.” “పర్లేదు, క్లిక్ చెయ్” అనే మూడో జవాబు ఎప్పుడూ ఇవ్వకండి.

అక్షరదోషాలు, తప్పుడు ఇంగ్లీషు ఉంటే మోసం అనే పాత సలహాను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. తప్పులుంటే అనుమానించడం మంచిదే. కానీ ఇప్పుడు వచ్చే మెసేజ్‌లలో చాలావరకు అసలు బ్యాంకు పంపినదాన్నే కాపీ చేసి, లింక్ ఒక్కటి మార్చి పంపుతున్నారు. తప్పులు లేవు కదా అని ధైర్యపడితే అక్కడే దొరికిపోతాం.

ముందు పూర్తి స్క్రీన్‌షాట్ తెప్పించుకోండి

చాలామంది మెసేజ్ ముక్కను మాత్రమే కత్తిరించి పంపుతారు. పంపినవారి నంబరు ఉండదు, లింక్ సగంలో తెగిపోయి ఉంటుంది. అలాంటిదాని మీద అభిప్రాయం చెప్పకండి. ఇంకోటి పంపమని అడగండి. అందులో పైన పంపినవారి పేరు లేదా నంబరు, మెసేజ్ మొత్తం, లింక్ చివరి అక్షరం దాకా, వచ్చిన తేదీ, సమయం కనిపించాలి. వాట్సాప్ అయితే పైన పేరు మీద నొక్కి, వచ్చిన ప్రొఫైల్ పేజీని కూడా స్క్రీన్‌షాట్ తీయమనండి. నంబరు, ఖాతా రకం అక్కడ కనిపిస్తాయి.

లింక్‌ను బొమ్మలో చదవడం కంటే అక్షరాలుగా తెప్పించుకోవడం మేలు. మెసేజ్‌ను కాపీ చేసి పంపమని అడగండి. వేలు లింక్ మీద కాకుండా మెసేజ్‌లో మిగతా అక్షరాల మీద పెట్టి నొక్కి పట్టుకోమని చెప్పండి. కొన్ని ఫోన్లలో లింక్ మీదే నొక్కి పట్టుకుంటే ఆ పేజీ ప్రివ్యూగా తెరుచుకుంటుంది. స్క్రీన్‌షాట్‌లో ఓటీపీగానీ, పూర్తి ఖాతా నంబరుగానీ ఉంటే దాన్ని గీసేసి పంపమనడం కూడా మర్చిపోకండి.

పంపినవారి పేరు: గీతకు ముందు, గీతకు తర్వాత

భారతదేశంలో బ్యాంకులు, కంపెనీలు మామూలు పది అంకెల నంబరు నుంచి ఎస్ఎంఎస్ పంపవు. టెలికాం సంస్థల దగ్గర నమోదు చేయించుకున్న హెడర్ నుంచి పంపుతాయి. అది ఇలా ఉంటుంది:

```
VM-SBIINB-S
```

మొదటి రెండు అక్షరాలు ఏ టెలికాం సంస్థ, ఏ సర్కిల్ నుంచి వచ్చిందో చెబుతాయి. అవి మారుతూ ఉంటాయి, వాటి గురించి కంగారు అక్కర్లేదు. మధ్యలోది కంపెనీ నమోదు చేయించుకున్న పేరు. చివరి అక్షరం 2025లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన మార్పు. `P` అంటే ప్రకటన, `S` అంటే సర్వీసు సమాచారం, `T` అంటే ఓటీపీ వంటి లావాదేవీ మెసేజ్, `G` అంటే ప్రభుత్వం. “మీ ఖాతా ఈ రాత్రికి బ్లాక్ అవుతుంది” అనే మెసేజ్ చివర `P` కనిపిస్తే, అంత తీవ్రమైన విషయం ప్రకటనల దారిలో ఎందుకు వచ్చిందని అడగాలి.

మధ్యలోని పేరు ఎవరిదో తెలియకపోతే ట్రాయ్ వారి `smsheader.trai.gov.in` లో వెతికితే ఎవరు నమోదు చేయించుకున్నారో తెలుస్తుంది. బ్యాంకు పేరుతో వచ్చిన మెసేజ్‌కు పైన పది అంకెల మొబైల్ నంబరు ఉంటే ఇంకేమీ వెతకాల్సిన పని లేదు, అది మోసమే. నంబరు ముందున్న దేశం కోడ్ కూడా చూడండి: +63 ఫిలిప్పీన్స్, +62 ఇండోనేషియా, +84 వియత్నాం. ఇలాంటి కోడ్‌తో మన పోస్టాఫీసు మెసేజ్ పంపదు. అలాగని +91 ఉంటే నమ్మమని కాదు, మన సిమ్‌లు కూడా దొంగల చేతుల్లో బోలెడు ఉంటాయి.

హెడర్ సరిగ్గా ఉంది కాబట్టి మెసేజ్ మంచిదని కూడా అనుకోకండి. దగ్గర్లో ఉన్న ఫోన్లను తనవైపు లాక్కుని, ఏ పేరుతో కావాలంటే ఆ పేరుతో ఎస్ఎంఎస్ పంపే దొంగ టవర్ పరికరాలు ఉన్నాయి. అలా వచ్చిన మెసేజ్ మీ ఫోన్‌లో అసలు బ్యాంకు మెసేజ్‌ల వరుసలోనే కూర్చుంటుంది, ఎందుకంటే ఫోన్ పేరును చూసి మాత్రమే ఒకచోట పేరుస్తుంది. “పైనున్న పాత మెసేజ్‌లన్నీ నిజమైనవే కదా” అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

వాట్సాప్‌లో అయితే టిక్ ఎక్కడుందో చూడండి. వెరిఫై అయిన వ్యాపార ఖాతాకు టిక్ పేరు పక్కన ఉంటుంది. ప్రొఫైల్ ఫొటో గుండ్రంలో ఉన్న టిక్‌ను ఎవరైనా బొమ్మలో గీసుకుని పెట్టుకోవచ్చు. ఫొటోలో బ్యాంకు లోగో ఉండటం కూడా అంతే, దానికి విలువ సున్నా.

లింక్‌ను కుడి నుంచి ఎడమకు చదవండి

నా దృష్టిలో ఈ పని మొత్తంలో నేర్చుకుని తీరాల్సింది ఇదొక్కటే. మిగతావన్నీ దొంగలు అనుకరించగలరు. వెబ్ చిరునామాకు సొంతదారు ఎవరన్నది మాత్రం ఆ చిరునామాలోనే రాసి ఉంటుంది, చదవడం తెలిస్తే చాలు.

మన కళ్లు ఎడమ నుంచి చదువుతాయి. దొంగ సరిగ్గా ఆ ఎడమవైపే మనకు తెలిసిన పేరు పెడతాడు. కానీ చిరునామా యజమాని కుడివైపు ఉంటాడు. కాబట్టి ఇలా చేయండి. ముందు `//` తర్వాత నుంచి మొదలుపెట్టి, మొదటి ఒంటి గీత `/` వచ్చేదాకా ఉన్న భాగాన్ని విడిగా రాసుకోండి. ఆ గీత తర్వాత ఏముందో మనకు అక్కర్లేదు. ఇప్పుడు రాసుకున్న ముక్కను చివరి నుంచి వెనక్కి చదవండి. చివర ఉన్నది `.com`, `.in`, `.gov.in`, `.bank.in` లాంటి తోక. ఆ తోకకు ఆనుకుని ఎడమవైపున్న పేరే యజమాని. దానికి ఇంకా ఎడమవైపు ఎన్ని చుక్కలు, ఎన్ని పేర్లు ఉన్నా అవి ఆ యజమాని తన ఇష్టం వచ్చినట్టు పెట్టుకున్నవే.

నాలుగు చిరునామాలు చూద్దాం. దొంగవాటి చివర నేను కావాలనే `.example` అని పెట్టాను, పొరపాటున ఎవరైనా తెరిచినా ఏమీ రాకుండా. అసలు మోసాల్లో ఆ చోట `.top`, `.vip`, `.xyz` లాంటివి ఎక్కువగా కనిపిస్తాయి.

```
https://www.indiapost.gov.in/
https://indiapost.gov.in-track.example/pay
https://kyc-help.example/sbi.bank.in/login
https://sbi.bank.in@kyc-help.example/
```

మొదటిది అసలుది. తోక `.gov.in`, దానికి ఆనుకుని `indiapost`. `.gov.in` తోకను ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు.

రెండోది చూడగానే పోస్టల్ సైట్ అనిపిస్తుంది. మొదటి గీత దాకా తీసుకుంటే `indiapost.gov.in-track.example`. కుడి నుంచి చదివితే తోక `.example`, దానికి ఆనుకుని ఉన్న పేరు `in-track`. అంటే `in-track.example` అనే పేరు కొనుక్కున్నవాడు దాని ముందు `indiapost.gov` అని తగిలించాడు. `in` తర్వాత చుక్క గానీ గీత గానీ రాకుండా అడ్డగీత వచ్చింది చూడండి, మోసమంతా ఆ చిన్న అడ్డగీతలోనే ఉంది.

మూడోదాంట్లో `sbi.bank.in` మొదటి గీత తర్వాత ఉంది. అది ఫోల్డర్ పేరు లాంటిది, ఎవరైనా పెట్టుకోవచ్చు. యజమాని `kyc-help.example`. నాలుగోది అన్నిటికంటే దొంగది. చిరునామాలో మొదటి ఒంటి గీతకు ముందే `@` ఉంటే, `//` తర్వాత నుంచి దాని దాకా ఉన్నదంతా బ్రౌజర్ పక్కన పెట్టేసి, తర్వాత ఉన్నచోటికి తీసుకెళ్తుంది.

బ్యాంకుల విషయంలో ఇప్పుడు పని తేలికైంది. దేశంలోని బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా `.bank.in` తోకకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. `sbi.bank.in`, `hdfc.bank.in`, `icici.bank.in` అలా వచ్చినవే. ఈ తోకను బ్యాంకులకు ఇచ్చే పని హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ సంస్థ ఒక్కటే చూస్తుంది, బ్యాంకు కానివాళ్లు దాన్ని కొనలేరు. కాబట్టి మన బ్యాంకు పేరుతో లాగిన్ అడిగే పేజీకి `.bank.in` తోక లేకపోతే అక్కడే ఆగిపోండి.

స్క్రీన్‌షాట్‌లో ఇంకో చిక్కు ఉంది. `rn` పక్కపక్కన ఉంటే `m` లాగా, పెద్ద `I` చిన్న `l` లాగా కనిపిస్తాయి. బొమ్మను పెద్దది చేసి చూసినా కొన్ని ఫాంట్లలో తేడా తెలియదు. లింక్‌ను అక్షరాలుగా తెప్పించుకోమన్నది అందుకే. `bit.ly` లాంటి పొట్టి లింక్ అయితే యజమాని ఎవరో చదివే వీలే ఉండదు. చదవలేని లింక్‌ను దొంగ లింక్‌గానే లెక్కేయండి.

పిన్ని పార్శిల్: ఒక మెసేజ్‌ను మొత్తం విప్పి చూద్దాం

మా పిన్ని ఒకరోజు ఐఫోన్ నుంచి స్క్రీన్‌షాట్ పంపింది. మెసేజ్ ఇంగ్లీషులో ఉంది, సారాంశం ఇది: “మీ పార్శిల్ గిడ్డంగికి చేరింది. రెండుసార్లు ఇవ్వడానికి ప్రయత్నించాం, చిరునామా అసంపూర్తిగా ఉన్నందున కుదరలేదు. 12 గంటల్లోగా చిరునామా సరిచేయకపోతే పార్శిల్ వెనక్కి వెళ్లిపోతుంది.” దాని కింద ఒక లింక్. ఆ కింద ఇంకో వాక్యం: “Y అని జవాబు ఇచ్చి, మెసేజ్ మూసి మళ్లీ తెరిచి లింక్ నొక్కండి.”

“ఆన్‌లైన్‌లో చీర ఆర్డర్ పెట్టానురా, అదే అయ్యుంటుంది. లింక్ తెరిస్తే పాతిక రూపాయలే అడుగుతోంది, కట్టేయమంటావా?” అంది ఫోన్‌లో.

“కార్డు నంబరు కొట్టావా పిన్నీ?”

“ఇంకా లేదు, నిన్ను అడుగుదామని ఆగాను.”

పైనుంచి వరుసగా చూద్దాం. పంపినవారి చోట హెడర్ లేదు, ఒక ఈమెయిల్ ఐడీ ఉంది. ఇది ఎస్ఎంఎస్ కాదు, ఐమెసేజ్. ఎస్ఎంఎస్ దారిలో రావాలంటే హెడర్ నమోదు కావాలి. పైగా 2024 అక్టోబరు నుంచి, ముందుగా నమోదు చేయని లింకులున్న వాణిజ్య ఎస్ఎంఎస్‌లను టెలికాం సంస్థలు ఆపేయాలి. ఐమెసేజ్, వాట్సాప్ ఇంటర్నెట్ మీద నడుస్తాయి కాబట్టి ఆ జల్లెడ వీటికి వర్తించదు. దొంగలు ఇటువైపు మళ్లడానికి అదో కారణం. మెసేజ్ ఏ దారిలో వచ్చిందన్నది అందుకే ముఖ్యం.

తర్వాత ఆ “Y అని జవాబు ఇవ్వండి” అన్న మాట. తెలియని వ్యక్తి నుంచి వచ్చిన ఐమెసేజ్‌లో లింక్‌ను ఐఫోన్ నొక్కనివ్వదు. మనం ఒక్కసారి జవాబు ఇస్తే, తెలిసినవాళ్లేనని అనుకుని ఆ తాళం తీసేస్తుంది. అంటే ఆ వాక్యం పార్శిల్ కోసం రాసింది కాదు, మన చేతే తాళం తీయించడానికి రాసింది. ఈ వాక్యం కనిపిస్తే నేను మిగతాదేమీ చదవను. అసలు పోస్టాఫీసుకు ఇలా రాయాల్సిన అవసరం ఏ పరిస్థితిలోనూ రాదు.

ఇక మెసేజ్‌లో లేనిదేమిటో చూడాలి. ట్రాకింగ్ నంబరు లేదు. స్పీడ్ పోస్టుకు పదమూడు అక్షరాల నంబరు ఉంటుంది: ముందు రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర `IN`. పిన్ని పేరు లేదు, ఏ ఊరి పోస్టాఫీసో లేదు. చీర ఎవరి దగ్గర కొన్నదో ఆ దుకాణం పేరూ లేదు. చిరునామా తెలియదంటున్నవాళ్లకు ఫోన్ నంబరు మాత్రం తెలిసిందట. ఈ మెసేజ్ ఎవరికి పంపినా సరిపోతుంది. దేశంలో ఏ రోజు చూసినా లక్షల మంది ఏదో ఒక పార్శిల్ కోసం ఎదురుచూస్తూనే ఉంటారు, మెసేజ్ వాళ్లలో కొందరికి తగులుతుంది. “నేను నిజంగానే ఆర్డర్ పెట్టాను కదా” అన్నది రుజువు కాదని పిన్నికి చెప్పాల్సి వచ్చింది.

ఈ రకం మెసేజ్ కొత్తదేమీ కాదు. 2024లో ఫోర్టినెట్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశీలించినప్పుడు, ఆ ఏడాది జనవరి నుంచి జూలై మధ్య ఇండియా పోస్ట్ పేరును పోలిన 470కి పైగా వెబ్ చిరునామాలు నమోదైనట్టు తేలింది. ఆ దొంగ పేజీల్లో ముందు పేరు, చిరునామా, ఫోన్ నంబరు అడిగి, తర్వాత 25 రూపాయల 2 పైసలు కట్టమనేవాళ్లు.

అంత చిన్న మొత్తం ఎందుకు? వాళ్లకు కావాల్సింది పాతిక రూపాయలు కాదు. పాతిక కట్టడానికి మనం కొట్టే కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ. అవి అందగానే వాళ్లు ఇంకోచోట పెద్ద మొత్తానికి కొనుగోలు మొదలుపెడతారు. ఆ ఓటీపీ మన ఫోన్‌కు వస్తుంది. మనం పాతిక రూపాయల ఓటీపీ అనుకుని దొంగ పేజీలో కొడతాం. ఇక్కడ చివరి అవకాశం ఒకటి ఉంది: కార్డు కొనుగోలుకు బ్యాంకు పంపే ఓటీపీ మెసేజ్‌లో మామూలుగా మొత్తం, దుకాణం పేరు రాసి ఉంటాయి. ఫోన్ ఆరు అంకెలను తనంతట తానే నింపేస్తుంటే మనం మెసేజ్ చదవడమే మానేశాం. పిన్నికి ఆ రోజు నేను నేర్పింది ఇదే. ఓటీపీ వచ్చినప్పుడు అంకెల కంటే ముందు రూపాయలు చదువు. పాతిక కట్టాలనుకుంటే అక్కడ పాతికే ఉండాలి, 48,999 ఉంటే ఆ పేజీ మూసేసి కార్డు బ్లాక్ చేయి.

నిజంగా పోస్టుకు డబ్బు కట్టాల్సిన సందర్భాలు లేకపోలేదు. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో బంధువులు పార్శిల్ పంపితే కస్టమ్స్ సుంకం పడవచ్చు. అలాంటిది పార్శిల్ ఇచ్చేటప్పుడు పోస్టాఫీసు వాళ్లే వసూలు చేస్తారు. సందేహముంటే పంపినవారి నుంచి ట్రాకింగ్ నంబరు తీసుకుని `indiapost.gov.in` అని మీరే టైప్ చేసి చూడండి, లేదా 1800 266 6868కి ఫోన్ చేయండి. పిన్ని చీర ఎక్కడుందో ఆమె కొన్న యాప్‌లోనే కనిపించింది. అది కొరియర్‌లో వస్తోంది, పోస్టులో కాదు.

బ్యాంకు మెసేజ్: విషయం నిజమైనా కావచ్చు

“కేవైసీ అప్‌డేట్ చేయండి” అని ఉంటే మోసమేనని చాలామంది అనేస్తారు. అది సరికాదు. ఖాతాదారుల కేవైసీని బ్యాంకులు ఎప్పటికప్పుడు కొత్తది చేయాల్సిందే. రిస్క్‌ను బట్టి రెండు, ఎనిమిది, పదేళ్లకు ఒకసారి చేయాలని రిజర్వు బ్యాంకు నిబంధన. దానికోసం బ్యాంకులు నిజంగానే మెసేజ్‌లు పంపుతాయి. మనం అన్నీ మోసమేనని చెబితే, నిజంగా కేవైసీ గడువు దాటిన పెద్దాయన ఖాతా ఇబ్బందుల్లో పడుతుంది.

కాబట్టి మెసేజ్ దేని గురించి అన్నది వదిలేసి, మన చేత ఏం చేయించాలనుకుంటోందో చూడండి. నిజమైన మెసేజ్ బ్రాంచికి రమ్మనో, బ్యాంకు యాప్‌లో చూసుకోమనో అంటుంది. దొంగ మెసేజ్ మూడింటిలో ఒకటి చేయిస్తుంది: లింక్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టిస్తుంది, ఒక పది అంకెల నంబరుకు ఫోన్ చేయిస్తుంది, లేదా ఒక ఫైల్ ఇన్‌స్టాల్ చేయిస్తుంది. గడువు కూడా “ఈ రోజే” అయి ఉంటుంది. “ఈ రాత్రి 9.30కి కరెంటు కట్ చేస్తాం, ఈ ఆఫీసరుకు ఫోన్ చేయండి” అన్న మెసేజ్ కూడా ఈ కోవలోదే.

ఈ మూడింటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఫైల్. వాట్సాప్ స్క్రీన్‌షాట్‌లో అది డాక్యుమెంట్ బొమ్మలా, పక్కన కొన్ని ఎంబీల సైజుతో కనిపిస్తుంది. పేరు చివర చూడండి:

```
SBI REWARD.apk
RTO CHALLAN.apk
```

`.apk` అంటే పత్రం కాదు, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎక్కే ప్రోగ్రామ్. చలానా కాగితం గానీ, బ్యాంకు ఫారం గానీ ఆ రూపంలో రాదు. ఇన్‌స్టాల్ కాగానే ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. అనుమతి ఇస్తే ఆ తర్వాత వచ్చే ప్రతి ఓటీపీ మన కంటే ముందు వాళ్లకు చేరుతుంది. ఆ ఫోన్‌లోని వాట్సాప్ నుంచే బంధువులందరికీ అదే ఫైల్ వెళ్లిన సందర్భాలు ఎన్నో. అందుకే మామయ్య నంబరు నుంచి వచ్చినా సరే, స్క్రీన్‌షాట్‌లో `.apk` కనిపిస్తే ముందు మామయ్యకు ఫోన్ చేసి ఆయన ఫోన్ సంగతి చెప్పాలి. ట్రాఫిక్ చలానా నిజంగా ఉందో లేదో బండి నంబరుతో `echallan.parivahan.gov.in` లో చూసుకోవచ్చు.

“మీ ఖాతాలో 25,000 జమ అయింది” అన్న దొంగ మెసేజ్ కూడా తిరుగుతోంది. అది రాగానే ఎవరో ఫోన్ చేసి, “పొరపాటున మీకు పంపాను, తిరిగి పంపండి” అని బతిమాలుతారు. దీనికి స్క్రీన్‌షాట్ చూడాల్సిన పనే లేదు. బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ చూడండి. నిజంగా జమ అయి ఉన్నా మీరే తిరిగి పంపకండి, బ్యాంకుకు చెప్పి వాళ్ల ద్వారానే సరిచేయించండి.

ఉద్యోగం మెసేజ్

ఇక్కడ చిరునామా చదివే పద్ధతే ఈమెయిల్‌కూ వర్తిస్తుంది. `@` తర్వాత ఉన్నది చూడాలి. పెద్ద కంపెనీ పేరుతో వచ్చిన ఆఫర్ లెటర్ `gmail.com` నుంచి వస్తే అది ఆ కంపెనీది కాదు, `@` ముందు కంపెనీ పేరు ఎంత చక్కగా రాసి ఉన్నా. `@` తర్వాత కంపెనీ పేరుకు `-careers`, `-hr` లాంటివి తగిలించి ఉన్నా, ఆ కంపెనీ అసలు సైట్‌లో ఉన్న పేరుతో అక్షరం అక్షరం పోల్చండి. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, “తర్వాత తిరిగి ఇచ్చేస్తాం” అనే ట్రైనింగ్ ఫీజు అడిగితే ఇంకేమీ చూడక్కర్లేదు. డబ్బు పంపమన్న యూపీఐలో కంపెనీ పేరు కాకుండా ఎవరిదో సొంత పేరు కనిపిస్తుంది, దాన్ని మీ పిల్లలకు వేలితో చూపించండి.

వీడియోలకు లైకులు కొట్టడం, హోటళ్లకు రేటింగ్ ఇవ్వడం లాంటి ‘పార్ట్ టైమ్’ పని దీనికంటే మెత్తగా మొదలవుతుంది. మొదట్లో నిజంగానే నూరో నూటయాభయ్యో ఖాతాలో వేస్తారు, నమ్మకం కుదురుతుంది. తర్వాత టెలిగ్రామ్ గ్రూపులోకి తీసుకెళ్లి “ప్రీపెయిడ్ టాస్క్” అంటారు: వెయ్యి కడితే పదమూడు వందలు. ఒకటి రెండుసార్లు ఇస్తారు. మొత్తం పెరిగాక “టాస్క్ సగంలో ఆగింది, ఇంకో ముప్పై వేలు కడితేనే మొత్తం వస్తుంది” అంటారు. గ్రూపులో “నాకు డబ్బు వచ్చింది” అని స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లు కూడా వాళ్ల మనుషులే. కాబట్టి పిల్లలు “నిజంగానే డబ్బు వచ్చింది” అంటే ఊరటపడకండి, ఈ మోసంలో అది మొదటి మెట్టు. చూడాల్సిన గుర్తు ఒకటే: జీతం ఇవ్వాల్సినవాళ్లు మనల్ని ఎప్పుడైనా డబ్బు కట్టమన్నారా?

విదేశీ ఉద్యోగమైతే ఏజెంటు రిజిస్ట్రేషన్‌ను `emigrate.gov.in` లో తప్పనిసరిగా చూడండి. 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసులో, డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ యువకులను కంబోడియా పంపి, అక్కడ వాళ్ల చేతే సైబర్ మోసాలు చేయించారు. ఇలాంటి మెసేజ్ అవతల కూర్చున్నది, ఇంకో దొంగ ఉద్యోగానికి బలైన మన కుర్రాడే అయి ఉండవచ్చు.

ఇప్పటికే నొక్కేశానని చెబితే

తిట్టకండి. తిడితే మిగతాది దాచేస్తారు, అసలు సంగతి మనకు తెలియదు. ఏం చేశారో మెల్లగా అడగండి, ఎందుకంటే దాన్ని బట్టే తర్వాతి పని ఉంటుంది.

లింక్ తెరిచి ఏమీ కొట్టకుండా మూసేస్తే, ఏదీ డౌన్‌లోడ్ కాలేదని చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. కార్డు వివరాలు కొట్టి ఉంటే, డబ్బు పోయిందా లేదా అని చూడకుండానే బ్యాంకు యాప్‌లో గానీ, కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి గానీ కార్డు బ్లాక్ చేయించండి. పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే వేరే ఫోన్ నుంచి మార్చండి. ఏపీకే ఎక్కించుకుని ఉంటే ముందు ఆ ఫోన్‌లో ఇంటర్నెట్ ఆపేసి, సిమ్ తీసేసి, ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు ఆపించండి. ఆ తర్వాత ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే నయం, ఆ యాప్‌ను తీసేసినంత మాత్రాన అంతా పోయిందన్న నమ్మకం లేదు.

డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. దొంగలు ఆ డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు తరలించి ఏటీఎంలో తీసేలోపు దాన్ని దారిలో ఆపించడమే ఆ నంబరు పని, అందుకే అక్కడ నిమిషాలు లెక్క. ఫోన్ చేసేటప్పుడు బ్యాంకు పేరు, లావాదేవీ నంబరు, మొత్తం, సమయం దగ్గర పెట్టుకోండి. ఫిర్యాదును `cybercrime.gov.in` లో కూడా నమోదు చేయండి. బ్యాంకుకు చెప్పడం ఆలస్యం చేయకపోవడానికి ఇంకో కారణం ఉంది. రిజర్వు బ్యాంకు 2017 నాటి నిబంధనల ప్రకారం, ఖాతాదారుడే ఓటీపీ వంటివి ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం ఆయనదే. చెప్పిన తర్వాత జరిగేది మాత్రం బ్యాంకు భరించాలి. అందుకని ఫోన్‌లో చెప్పినా ఫిర్యాదు నంబరు తీసుకుని, సమయంతో సహా రాసి పెట్టుకోండి.

డబ్బేమీ పోకపోయినా, మెసేజ్‌ను `sancharsaathi.gov.in` లో ఉన్న చక్షు విభాగంలో తెలియజేయవచ్చు. అక్కడ మెసేజ్ స్క్రీన్‌షాట్, వచ్చిన నంబరు, తేదీ, సమయం అడుగుతారు. ఆ పని అయ్యేదాకా అసలు మెసేజ్‌ను ఫోన్‌లోంచి చెరిపేయవద్దని స్క్రీన్‌షాట్ పంపినవాళ్లకు చెప్పండి.